సమానంగా పంచిన ముప్పై లక్షలు

2024 జూన్ 4, మంగళవారం. ఎన్నికల ఫలితాల రోజు. పొద్దున పదకొండు దాటేసరికి నా ఫోన్‌లో బ్రోకర్ నుంచి మూడు మెసేజ్‌లు వరసగా వచ్చాయి: పూచీగా ఉంచిన మార్జిన్ తగ్గింది, డబ్బు వేయండి, లేకపోతే పొజిషన్ కోసేస్తాం. ఆఫీసులో మీటింగ్ నడుస్తోంది. కళ్లు స్క్రీన్ మీద ఉన్నాయి గానీ ఎవరు ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. నేను డబ్బు సర్దే లోపే వాళ్లు కోసేశారు.

ముందు రోజు నిఫ్టీ ఎగ్జిట్ పోల్స్ ఊపులో 3.25 శాతం పెరిగి 23,264 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం నా దగ్గర ఉన్నది ఒక స్ట్రాంగిల్: నిఫ్టీ పడితే ధర పెరిగే పుట్, నిఫ్టీ పెరిగితే ధర పెరిగే కాల్, రెండూ అమ్మి పెట్టుకోవడం. గురువారం ఎక్స్‌పైరీకి 22,500 పుట్ సుమారు 120 రూపాయలకి, 24,000 కాల్ సుమారు 90 రూపాయలకి అమ్మాను. అప్పట్లో ఒక లాట్ అంటే 25 యూనిట్లు. నా నియమం ప్రకారం 10 లక్షలకి 8 లాట్లే అమ్మాలి. కానీ ఎన్నికల వారం ప్రీమియం బాగా పలుకుతోందని 16 లాట్లు అమ్మాను. మంగళవారం నిఫ్టీ ఒక దశలో 21,281 దాకా జారి, చివరికి 5.93 శాతం నష్టంతో 21,884 దగ్గర ఆగింది. నా పుట్‌ని బ్రోకర్ 700 ప్రాంతంలో కొనేశాడు. కాల్ వైపు కలిసొచ్చింది తీసేస్తే పోయింది దాదాపు 2 లక్షలు.

గురువారం నిఫ్టీ 22,821 దగ్గర ముగిసింది. ఆ పుట్ అలాగే ఉండి ఉంటే సున్నా అయ్యేది.

ఈ కథ చెప్తే అందరూ అడిగేది ఒకటే: స్టాప్‌లాస్ ఎందుకు పెట్టలేదు, అన్ని లాట్లు ఎందుకు అమ్మావు అని. నిజమే, తిట్టాల్సిందే. అయితే ఆ రోజు నన్ను ఎక్కువ కుదిపింది వేరే సంగతి. నాకున్న మూడు స్ట్రాటజీలకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదని నేను లెక్క వేసి మరీ నమ్మాను. లెక్క చూస్తే తప్పు లేదు. కానీ రెండు ఒకేసారి కూలాయి, పైగా ఒకటి రెండోదాన్ని తనతోపాటు లాక్కెళ్లింది. ఆ తర్వాత ఏడాదంతా నేను నేర్చుకున్నది ఈ ముడి ఎక్కడ పడిందో, డబ్బు పంచేటప్పుడు దాన్ని లెక్కలోకి ఎలా తేవాలో.

మూడు కుప్పలు

మొత్తం 30 లక్షలు. ఎక్కువ ఆలోచించకుండా మూడు సమాన కుప్పలు చేశాను, ఒక్కోటి 10 లక్షలు. మొదటిది ఆప్షన్ అమ్మకం: వారం వారం నిఫ్టీలో దూరపు పుట్, కాల్ అమ్మి ప్రీమియం తినడం. రెండోది మొమెంటమ్ షేర్లు: గత ఆరు నెలలు, ఏడాదిలో బాగా పెరిగిన ఓ ఇరవై షేర్లు, నెలకొకసారి మార్చడం. మూడోది కమోడిటీ ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో ట్రెండ్ ఫాలోయింగ్: బంగారం, వెండి, క్రూడ్, సహజవాయువు, రాగి, జింక్. పెరుగుతుంటే కొనడం, పడుతుంటే అమ్మడం, తిరగబడితే బయటికి రావడం.

2023 జనవరి నుంచి 2024 మే దాకా వారం వారం లాభనష్టాలు షీట్‌లో పెట్టుకుని ఊగిసలాట లెక్క కట్టాను. ఏడాదికి ఆప్షన్ అమ్మకం 8 శాతం, షేర్లు 20 శాతం, కమోడిటీలు 15 శాతం. రెండు కుప్పలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కోరిలేషన్లు చూస్తే ఆప్షన్‌కీ షేర్లకీ 0.3, ఆప్షన్‌కీ కమోడిటీకీ మైనస్ 0.1, షేర్లకీ కమోడిటీకీ సున్నా. చూడముచ్చటగా ఉన్న పట్టిక. స్నేహితులకి కూడా చూపించుకున్నాను.

డబ్బు సమానంగా పంచాను కాబట్టి రిస్క్ కూడా సమానంగానే పడుతుందని ఎక్కడో మనసులో ఉంది. పడదు. ఒక్కో కుప్ప మొత్తం ఊగిసలాటలో ఎంత వాటా మోస్తోందో చూడాలంటే దాని సొంత ఊపుతో పాటు మిగతావాటితో కలిసి ఊగే భాగం కూడా కలపాలి. లక్షల్లోనే చేసి చూద్దాం. పది లక్షల మీద ఆప్షన్ ఏడాదికి 0.8 లక్షలు ఊగుతుంది, షేర్లు 2 లక్షలు, కమోడిటీ 1.5 లక్షలు.

షేర్ల వాటా: 2 ని 2 తో గుణిస్తే 4. ఆప్షన్‌తో కలిసి ఊగేది 0.3 × 2 × 0.8, అంటే 0.48. కమోడిటీతో ఏమీ లేదు. మొత్తం 4.48. ఇదే తీరుగా ఆప్షన్‌కి 0.64 + 0.48 − 0.12, అంటే 1.00. కమోడిటీకి 2.25 − 0.12, అంటే 2.13. మూడూ కలిపితే 7.61. దాని వర్గమూలం 2.76 లక్షలు, అదే మొత్తం 30 లక్షల ఊగిసలాట. ఇందులో షేర్ల వాటా 59 శాతం, కమోడిటీ 28 శాతం, ఆప్షన్ 13 శాతం.

అంటే మూడు స్ట్రాటజీలు నడుపుతున్నాననుకుంటూ నేను నిజానికి మొమెంటమ్ షేర్ల పోర్ట్‌ఫోలియోనే నడుపుతున్నాను. మిగతా రెండూ పక్కవాద్యాలు. ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. 60 శాతం షేర్లు, 40 శాతం బాండ్లు అని ప్రపంచమంతా బ్యాలెన్స్‌డ్‌గా చెప్పుకునే పోర్ట్‌ఫోలియోలో రిస్క్‌లో దాదాపు తొంభై శాతం షేర్లదేనని ఎడ్వర్డ్ చియాన్ 2005లో చూపించాడు. అన్ని కుప్పలూ సమాన రిస్క్ మోసేలా డబ్బు పంచే పద్ధతికి రిస్క్ పారిటీ అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

లెక్క చేత్తో చేయనక్కర్లేదు. ఇది చాలు:

```python
import numpy as np
s = np.array([0.08, 0.20, 0.15])
R = np.array([[1, .3, -.1], [.3, 1, 0], [-.1, 0, 1]])
C = np.outer(s, s) * R
w = np.ones(3) / 3
for _ in range(200):
    rc = w * (C @ w) / (w @ C @ w)
    w = w * np.sqrt((1/3) / rc)
    w = w / w.sum()
print(w.round(3))
```

లూప్ మొదటి తిరుగుడులో వచ్చే `rc` పైన చెప్పిన 0.13, 0.59, 0.28. ఆ తర్వాత వాటా ఎక్కువైన చోట డబ్బు తగ్గిస్తూ, తక్కువైన చోట పెంచుతూ పోతే మూడూ మూడో వంతు దగ్గర నిలుస్తాయి. చివరికి వచ్చే బరువులు: ఆప్షన్ 0.505, షేర్లు 0.19, కమోడిటీ 0.305.

అంటే 30 లక్షల్లో ఆప్షన్ అమ్మకానికి 15 లక్షలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జూన్ 4న నన్ను ముంచిన స్ట్రాటజీకి ఈ పద్ధతి సగం డబ్బు అప్పగిస్తోంది. రిస్క్ సమానంగా పంచే సూత్రం, మూడింటిలో ఎక్కువ ప్రమాదకరమైనదాన్ని తక్కువ రిస్క్ ఉన్నదిగా చూస్తోంది. చాలామంది ఈ చోట సూత్రాన్నే తిట్టి వదిలేస్తారు. సూత్రంలో తప్పు లేదు. నేను దానికి ఇచ్చిన 8 అనే అంకెలో ఉంది తప్పు.

ఎనిమిది శాతం ఎక్కడిది

ఆప్షన్ అమ్మకం అంటే ఇన్సూరెన్స్ కంపెనీ నడపడం లాంటిది. ప్రీమియం రోజూ చిల్లరగా వస్తుంది, క్లెయిమ్ ఎప్పుడో ఒకసారి మూటగా పోతుంది. 2023లో మార్కెట్ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ చాలాకాలం 10, 12 మధ్య నిద్రపోయింది. ఆ ఏడాది క్లెయిమ్‌లు రాలేదు. క్లెయిమ్‌లు రాని కాలంలో కొలిచిన ఊగిసలాట ఆ వ్యాపారం రిస్క్ కాదు. వానాకాలం రాకముందు ఏటి ఒడ్డున నిలబడి నీళ్లు మోకాలి లోతే అని రాసుకున్నట్టు.

ఏడాదికి 8 శాతం అంటే రోజుకి సుమారు అర శాతం. ఆ మంగళవారం నియమం ప్రకారం 8 లాట్లే ఉన్నా పోయేది లక్ష, అంటే కుప్పలో 10 శాతం. కొలిచిన రోజువారీ ఊపుకి ఇరవై రెట్లు. ఇరవై రెట్ల రోజు ఒకటి వచ్చిందంటే ఆ రోజు అరుదైనదని సర్దుకోకూడదు, నా కొలబద్ద పొట్టిదని ఒప్పుకోవాలి.

దీనికి తోడు ఇంకో మాయ ఉంది. మార్కెట్ ఎంత నెమ్మదిస్తే కొలిచిన ఊగిసలాట అంత తగ్గుతుంది, సూత్రం ఆప్షన్ అమ్మకానికి అంత ఎక్కువ డబ్బు పంపుతుంది. మూడు నెలల కొలతతో నెలనెలా బరువులు మార్చే వాళ్లు, తెలియకుండానే, పిడుగు పడే ముందు రోజుకి అన్నిటికన్నా పెద్ద పొజిషన్‌తో సిద్ధంగా ఉంటారు.

షేర్ల సంగతి వేరు. 20 శాతం ఊగే షేర్ల పోర్ట్‌ఫోలియో రోజూ కళ్ల ముందే ఊగుతుంది, దాని గుణం దాచుకోదు. ట్రెండ్ ఫాలోయింగ్ అయితే పూర్తిగా తిరగేసిన బొమ్మ: చిన్న చిన్న నష్టాలు ఎన్నో, అప్పుడప్పుడూ ఒక పెద్ద లాభం. దాని ఊగిసలాటలో ఎక్కువ భాగం పైవైపే. ఈ మూడింటినీ ఒకే అంకెతో కొలిస్తే, నష్టం దాచుకునేవాడు మంచివాడిలా కనిపిస్తాడు.

అందుకని నేను కొలబద్ద మార్చాను. ఏడాది ఊగిసలాట పక్కన పెట్టి ప్రతి కుప్పనీ ఒకటే ప్రశ్న అడిగాను: నిఫ్టీ ఒక్క రోజులో 6 శాతం పడితే నీ పది లక్షల్లో ఎంత పోతుంది? ఆప్షన్ అమ్మకానికి సమాధానం 10 శాతం, ఆ రోజు నుంచే తెలిసింది. షేర్ల సమాధానం 11 శాతం. అది కూడా ఆ రోజుదే. ఏడాదిగా ఎగిరి దూకిన ప్రభుత్వ రంగ షేర్లు, రైల్వే, రక్షణ రంగం షేర్లే నా జాబితా నిండా ఉన్నాయి. అవన్నీ కలిసి పడ్డాయి, పది లక్షల్లో లక్షా పదివేలు ఒక్క రోజులో పోయింది. కమోడిటీలు ఆ రోజు నాలుగు వేలు లాభం చూపించాయి. అది అదృష్టమే గానీ, నిఫ్టీ పడితే బంగారం, క్రూడ్ తప్పనిసరిగా పడాలనేం లేదన్నది మాత్రం అదృష్టం కాదు.

చెడ్డ రోజున రూపాయికి పోయేది ఆప్షన్‌లోనూ షేర్లలోనూ దాదాపు ఒకటే అయినప్పుడు, లెక్కలో వాటికి వేర్వేరు రిస్క్ ఎందుకు ఉండాలి? ఆప్షన్‌కి 8 తీసేసి 20 పెట్టాను. ఇది కొలిచిన అంకె కాదు, నేను చేత్తో రాసిన అంకె. కానీ మొదటి 8 కన్నా ఇదే నిజానికి దగ్గర.

ముడి పడిన చోటు

ఇక కోరిలేషన్ 0.3. దీని మీద నాకు రెండు గొడవలున్నాయి.

మొదటిది గణితానిది. ఇలాంటి కోరిలేషన్లని చాలామంది ఇరవై నాలుగు నెలల లాభనష్టాలతో కొలుస్తారు. అంత కొద్ది డేటాలో వచ్చే పొరపాటు అటూ ఇటూ 0.2 ఉంటుంది. అంటే 0.1కీ 0.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. దానికి రెండో దశాంశం దాకా రాసుకుని మురిసిపోవడం, వంటింటి తక్కెడలో బంగారం తూచినట్టే. నేనిప్పుడు మూడే అంకెలు వాడతాను: సున్నా, 0.3, 0.6. ఎందుకు లాభం వస్తోందో, ఎప్పుడు నష్టం వస్తుందో ఆలోచించి ఆ మూడింటిలో ఒకటి రాస్తాను.

రెండోది అసలు గొడవ, దానికి గణితంతో పనే లేదు. నా షేర్లు, ఆప్షన్లు ఒకే బ్రోకర్ దగ్గర ఒకే ఖాతాలో ఉన్నాయి. షేర్లు ఊరికే డీమ్యాట్‌లో పడుకున్నాయి కదా అని బ్రోకర్ దగ్గర తాకట్టుగా ప్లెడ్జ్ చేశాను. వాటి విలువలో హెయిర్‌కట్ అనే కోత పోగా వచ్చిన మార్జిన్‌తోనే 8 లాట్లు 16 అయ్యాయి. అప్పుడు తెలివైన పనిలాగే అనిపించింది. ఒకే డబ్బు రెండు చోట్ల పని చేస్తోంది, ఎవరు వద్దంటారు?

ఆ మంగళవారం ఏం జరిగిందో వరసగా చూడండి. నిఫ్టీ పడింది. పుట్ ధర పెరిగింది కాబట్టి దానికి కావాల్సిన మార్జిన్ పెరిగింది. అదే గంటలో ప్లెడ్జ్ చేసిన షేర్ల విలువ పడింది కాబట్టి నాకున్న మార్జిన్ తగ్గింది. ఒక చేత్తో ఎక్కువ అడుగుతూ ఇంకో చేత్తో ఉన్నది లాక్కోవడం. లోటు వచ్చింది, పొజిషన్ కోసేశారు, అదీ పుట్ బాగా ఖరీదున్న సమయంలో. ఆ రెండు స్ట్రాటజీలు మనసులో వేరు, ఎక్సెల్‌లో వేరు, బ్రోకర్ కంప్యూటర్‌లో మాత్రం ఒకటే పద్దు. షేర్లు పడకపోయి ఉంటే గురువారం దాకా ఆ పుట్ నాతోనే ఉండేదేమో. ఈ ముడి ఏ కోరిలేషన్ పట్టికలోనూ కనిపించదు. ఎందుకంటే ముడి ధరల్లో లేదు, మార్జిన్‌లో ఉంది.

పెద్దవాళ్లు కూడా ఇలాగే పడ్డారు. 1998లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా హెడ్జ్ ఫండ్ పట్టుకున్న పందేలు దేశాలు వేరు, బాండ్లు వేరు, కాగితం మీద సంబంధం లేనివి. రష్యా అప్పు ఎగ్గొట్టాక అన్నీ ఒకే వైపు నడిచాయి. ఆ పందేలే పట్టుకున్నవాళ్లు చాలామంది, అందరికీ ఒకేసారి మార్జిన్ కావాల్సొచ్చింది మరి.

ఇలాంటి కనిపించని ముడి నాకు ఇంకోటి 2024 చివర్లో బయటపడింది. ఈ మూడూ కాక బ్యాంక్ నిఫ్టీ వీక్లీలో నడిపే ఇంకో చిన్న పద్ధతి ఉండేది నాకు, దాన్ని విడి స్ట్రాటజీగానే లెక్కపెట్టుకునేవాణ్ణి. సెబీ 2024 అక్టోబర్‌లో ఒక సర్క్యులర్ ఇచ్చింది: ఒక్కో ఎక్స్ఛేంజ్‌కి ఒకే ఇండెక్స్‌లో వీక్లీ ఎక్స్‌పైరీ. నవంబర్ 13తో బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ముగిసిపోయింది. అదే ఊపులో నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది. ఒక్క కాగితంతో నా ఒక స్ట్రాటజీ పోయింది, ఇంకోదాని కొలతలు మారిపోయాయి. స్ట్రాటజీలు లెక్కపెట్టేటప్పుడు పేర్లు చూడకూడదు, అవి దేనికి చస్తాయో చూడాలి.

మళ్లీ పంచాను

కొత్త అంకెలు: ఆప్షన్ 20 శాతం, షేర్లు 20, కమోడిటీ 15. ఆప్షన్‌కీ షేర్లకీ 0.6, కమోడిటీకి రెండింటితోనూ సున్నా. మైనస్ 0.1ని సున్నా చేశాను. అనుకూలంగా వచ్చిన చిన్న అంకెలని నమ్మకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. అదే కోడ్‌లో ఇవి వేస్తే ఆప్షన్ 27 శాతం, షేర్లు 27 శాతం, కమోడిటీ 46 శాతం. అంటే 8.1 లక్షలు, 8.1 లక్షలు, 13.7 లక్షలు.

చూశారా, 15 లక్షలు 8 అయ్యాయి. షేర్లు, ఆప్షన్లు కలిసి నడిచేవి కాబట్టి వాటిని రెండు ముక్కలుగా ఉన్న ఒకటిన్నర కుప్పలా చూసింది లెక్క. వేరుగా నడిచే కమోడిటీకి అందుకే ఎక్కువ దక్కింది.

ఇప్పుడు మూడు పంపకాలకీ అదే జూన్ 4 పెట్టి చూద్దాం, అందరికీ నియమం ప్రకారం ఉన్న లాట్లతోనే. సమాన డబ్బు పంపకంలో 1 లక్ష + 1.1 లక్షలు, మొత్తం 2.1 లక్షలు పోతుంది. 8 శాతాన్ని నమ్మిన సమాన రిస్క్ పంపకంలో ఆప్షన్ మీద 1.5, షేర్ల మీద 0.63, మళ్లీ 2.1 లక్షలే. సరిచేసిన పంపకంలో 0.81 + 0.89, అంటే 1.7 లక్షలు.

తేడా చూసి మీరు పెదవి విరుస్తారని తెలుసు. రెండు లక్షల పది వేలు లక్షా డెబ్బై వేలు అయింది, ఇంతేనా? ఇంతే. పంపకం మార్చితే నష్టాలు మాయం కావు. నేను చూసేది వేరే అంకె. రెండో పంపకంలో ముగ్గురూ తలా మూడో వంతు రిస్క్ మోస్తారని లెక్క చెప్పింది, ఆ రోజు నష్టంలో డెబ్బై శాతం ఆప్షన్ ఒక్కటే మోసింది. సరిచేసిన పంపకంలో ఆప్షన్, షేర్లు దాదాపు సమానంగా మోశాయి. అంటే లెక్క చెప్పిందీ జరిగిందీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. నాకు కావాల్సింది అదే. ఇంతకన్నా నష్టం తగ్గాలంటే పంపకంతో కాదు, స్ట్రాటజీని మార్చాలి. అమ్మిన పుట్‌కి కింద ఇంకో దూరపు పుట్, కాల్‌కి పైన ఇంకో కాల్ కొంటే వచ్చే ప్రీమియంలో కొంత పోతుంది, కానీ ఎంత పడ్డా పోయేదానికి గోడ కట్టినట్టవుతుంది. నేనిప్పుడు అదే చేస్తున్నాను. ఇందులో ఇంకో లాభం ఉంది: అలా చేశాక ఆప్షన్ కుప్పలో ఎంత పోవచ్చో చేత్తో ఊహించి రాయనక్కర్లేదు, ముందే తెలిసిపోతుంది.

బావమరిది వాదన

మా బావమరిది గుంటూరులో పూర్తిగా ఆప్షన్ అమ్మకం మీదే ఉంటాడు. ఈ లెక్కలు చూపిస్తే నవ్వాడు.

"బావా, ఏది ఎక్కువ సంపాదిస్తే దానికి ఎక్కువ డబ్బు పెట్టాలి గానీ, రిస్క్ సమానం చేయడమేంటి? జీతం పని చూసి ఇస్తారా, అందరికీ సమానంగా ఇస్తారా?"

మాట బాగుంది. జవాబు నాకు అప్పటికప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది. పని ఎంత బాగా చేస్తాడో మనకి తెలిస్తే జీతం పని చూసే ఇవ్వొచ్చు. స్ట్రాటజీల విషయంలో అది తెలియదు. రిస్క్‌కి తగ్గ లాభాన్ని కొలిచే షార్ప్ రేషియోలో రెండేళ్ల డేటాకి వచ్చే పొరపాటు సుమారు 0.7. అంటే రెండేళ్లలో 1.2 చూపించినది నిజంగా 0.5 ఉండొచ్చు, 1.9 ఉండొచ్చు. వాడి స్ట్రాటజీకీ నా స్ట్రాటజీకీ మధ్య కనిపించే తేడా ఈ పొరపాటులోనే మునిగిపోతుంది. ఊగిసలాట, కలిసి పడే గుణం అంతకన్నా నయంగా అంచనా వేయగలం, అదీ కాస్త అనుమానంతో చూస్తేనే. తెలియనిదాన్ని బట్టి పంచడం కన్నా కొంతైనా తెలిసినదాన్ని బట్టి పంచడం మేలని నా వాదన.

అయితే వాడి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని దాచను. రిస్క్ సమానంగా పంచే పద్ధతి లోలోపల ఒక పందెం కాస్తుంది: ప్రతి స్ట్రాటజీ తను మోసే రిస్క్‌కి తగ్గట్టే సంపాదిస్తుందని. అందులో ఒకదానికి అసలు పస లేకపోతే దానికీ మూడో వంతు రిస్క్ వెళ్తుంది. కోరిలేషన్ సున్నా అన్న ఒక్క కారణంతో ఏదైనా తెచ్చి కలిపేయొచ్చు అనుకుంటే నాణెం ఎగరేయడం అన్నిటికన్నా గొప్ప స్ట్రాటజీ అవుతుంది, దేనితోనూ సంబంధం ఉండదు మరి. అందుకే లోపలికి రానిచ్చే గుమ్మం దగ్గరే గట్టిగా అడగాలి: ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది, ఎందుకు ఇస్తున్నారు? ఆప్షన్ అమ్మకంలో భయపడేవాడు ఇస్తాడు. ట్రెండ్‌లో ధర నెమ్మదిగా కదలడం వల్ల వస్తుంది. జవాబు దొరకని స్ట్రాటజీని నేను పట్టికలోకే రానివ్వను, కోరిలేషన్ ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

ఇంకో మాట కూడా వాడు అనలేదు గానీ నేనే అంటాను. 2022లో అమెరికాలో రిస్క్ పారిటీ ఫండ్లకి చేదు అనుభవం ఎదురైంది. షేర్లు పడితే బాండ్లు కాపాడతాయన్న దశాబ్దాల అలవాటు మీద కట్టిన లెక్క, వడ్డీ రేట్లు పెరిగిన ఆ ఏడాది రెండూ కలిసి పడటంతో తిరగబడింది. నా పట్టికలో కమోడిటీ పక్కన ఉన్న సున్నాకి కూడా అలాంటి రోజు రావచ్చు. 2020 మార్చిలో అందరికీ నగదు కావాల్సొచ్చినప్పుడు కొన్నాళ్లు బంగారం కూడా పడింది. అందుకే 46 శాతం అని లెక్క చెప్పినా 40 దగ్గరే ఆపాను. మిగిలిన 6 శాతం లిక్విడ్ ఫండ్‌లో ఉంది.

చేతికొచ్చే సరికి

కాగితం మీద 8.1 లక్షలకి, పాత నియమం ప్రకారం, 162 యూనిట్ల స్ట్రాంగిల్ అమ్మాలి. లాట్ 75గా ఉన్న 2025లో అది రెండు లాట్లు, 150. అక్కడి దాకా బాగుంది. కానీ లెక్క ఇరవై శాతం తగ్గించమంటే ఏం చేస్తాం? రెండు నుంచి ఒకటికి వస్తే యాభై శాతం తగ్గినట్టు. చిన్న క్యాపిటల్‌లో దశాంశాలకి చోటు లేదు. కమోడిటీలోనూ అంతే. గోల్డ్ మినీ ఒక లాటు 100 గ్రాములు; పది గ్రాములు లక్ష దాటాక ఒక్క లాటు విలువే పది లక్షలు దాటింది. అందుకని 8 గ్రాముల గినియాకి దిగాను, క్రూడ్‌లో 10 బ్యారెళ్ల మినీకి. వాల్యూమ్ పెద్ద కాంట్రాక్టుల్లో ఉన్నంత ఉండదు, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఎడం ఎక్కువ. అది నేను కట్టే రుసుము అనుకుంటున్నాను.

బరువులు నెలనెలా సరిచేయను. షేర్లు ఏడాది లోపల అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను, దానికి తోడు ఖర్చులు. మూడు నెలలకొకసారి `rc` చూస్తాను. ఏ కుప్ప వాటా అయినా 45 శాతం దాటితేనే కదిలిస్తాను, అదీ వీలైతే కొత్తగా వచ్చిన జీతం డబ్బుని వెనకబడ్డ కుప్పలో వేసి. ట్రెండ్ ఫాలోయింగ్‌కి ఇంత డబ్బు పెట్టడం మాత్రం మనసుకి కష్టంగానే ఉంటుంది. నెలల తరబడి చిన్న చిన్న దెబ్బలే తగులుతుంటాయి, ఆ పక్కనే ఆప్షన్ కుప్ప వారం వారం నవ్వుతూ ప్రీమియం ఇస్తుంటుంది. అటు మళ్లించేద్దామా అని చేతులు దురద పెడతాయి.

ఇప్పుడు షేర్లు ఒక బ్రోకర్ దగ్గర, ఆప్షన్లు ఇంకో బ్రోకర్ దగ్గర. రెండు యాప్‌లు, రెండు పాస్‌వర్డ్‌లు, చిరాకే. షేర్లు ప్లెడ్జ్ చేయను. ఎక్సెల్‌లో ఆ పాత పట్టిక ఇంకా అలాగే ఉంది, ఆప్షన్‌కీ షేర్లకీ కలిసే గడిలో ఫార్ములా తీసేసి 0.6 అని చేత్తో టైప్ చేశాను. రంగు పసుపు వేసి, పక్కన తేదీ రాశాను: 4-6-2024.